కొత్త వెబ్‌సైటు సంగతి కస్టమర్లకి ఎలా చేరాలి: వాట్సాప్ గ్రూపా, బిల్లా, నోటి మాటా?

కిందటేడు కార్తీక మాసంలో రావులపాలెంలోని మా బావ వాళ్ల స్వీట్ల కొట్టుకి వెబ్‌సైటు తయారైంది. కొట్లో బిల్లింగ్ కంప్యూటర్ పనులు చూసేది నేనే కాబట్టి, ఈ సంగతి జనానికి చెప్పే పని కూడా నా మీదే పడింది. ఆదివారం పొద్దున్నే నాకున్న నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో లింకు పెట్టేశాను. మా ఊరి గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు, కువైట్, మస్కట్‌లలో ఉన్న మనవాళ్ల గ్రూపు, ఇంకొకటి కొత్తపేట వైపు వాళ్లది. గంటలో మూడు వందల మందికి పైగా సైటు తెరిచారు. సాయంత్రానికి వచ్చిన ఆర్డర్లు రెండు.

కారణం సోమవారం తెలిసింది. కొట్టుకొచ్చి తీసుకెళతామన్న వాళ్లని కూడా సైటు పిన్‌కోడ్ అడుగుతోంది. కొత్తపేట పిన్‌కోడ్ కొడితే "మీ ప్రాంతానికి డెలివరీ లేదు" అని ఆపేస్తోంది. కొత్తపేట వాళ్లు రోజూ కొట్టు ముందు నుంచి వెళ్లేవాళ్లే, వాళ్లకి డెలివరీతో పనేముంది? తప్పు సరిచేయించడానికి రెండు రోజులు పట్టింది. మళ్లీ గ్రూపుల్లో పెడితే మొదటిసారి చూసినవాళ్లలో చాలామంది ముట్టుకోలేదు. "అది పని చేయదు కదండీ" అని ఒకాయన గ్రూపులోనే రాశాడు.

ఆ తర్వాత సంక్రాంతి దాకా మూడు దారులూ ఒక్కొక్కటిగా వాడి చూశాం. ఏ దారి ఎవరికి పనికొస్తుందో, ఏది ముందు, ఏది వెనక అన్నది అప్పుడు తెలిసిందే ఇక్కడ రాస్తున్నాను. సైటు అడ్రసు ఉండాల్సిన చోట `example.com` అని పెడతాను, అక్కడ మీ పేరు పెట్టుకోండి.

## ముందు చూసుకోవాల్సిన నాలుగు సంగతులు

ఎంతమందికి చేరుతుంది అన్నదే అందరూ మొదట అడుగుతారు. నా లెక్కలో అది ఆఖరి ప్రశ్న. దానికంటే ముందు నాలుగు చూసుకోవాలి.

ఒకటి, చేరేది ఎవరికి. బిల్లు చేతికొచ్చేది ఇప్పటికే కొన్నవాళ్లకి. గ్రూపులో చూసేవాళ్లలో సగం మంది మీ కొట్టు గడప తొక్కి ఉండరు. నోటి మాట చేరేది కొనబోయేవాళ్లకి, అది కూడా కావాల్సిన సమయానికి.

రెండు, సంగతి తెలిసిన నిమిషంలో ఆ మనిషి ఏం చేయాలి. గ్రూపులో అయితే వేలితో నొక్కితే చాలు. బిల్లు మీదైతే స్కాన్ చేయాలి. నోటి మాటైతే పేరు గుర్తుపెట్టుకుని, ఇంటికెళ్లాక టైపు చేయాలి.

మూడు, రేపటికి ఆ సంగతి ఎక్కడుంటుంది. గ్రూపులో మధ్యాహ్నానికి గుడ్ మార్నింగ్ ఫోటోల కింద పడిపోతుంది. బిల్లు జేబులోనో స్కూటర్ డిక్కీలోనో ఉంటుంది.

నాలుగోది మేం దెబ్బ తిని నేర్చుకున్నది. తప్పు బయటపడితే దిద్దుకునే వీలుందా? వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌ని పదిహేను నిమిషాల్లోపే మార్చగలం. అందరికీ కనపడకుండా తీసేయడానికి రెండు రోజుల పైచిలుకు గడువుంటుంది. కానీ చూసినవాళ్ల మనసులో పడిన ముద్రని తీసేయలేం. బిల్లు కింద లైను మాత్రం కంప్యూటర్లో నిమిషంలో మారిపోతుంది.

| చూసేది | వాట్సాప్ గ్రూపు | బిల్లు | నోటి మాట |
|---|---|---|---|
| చేరేది ఎవరికి | తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు కలిపి | ఇప్పుడే కొన్నవాళ్లకి | కొనాలనుకుంటున్నవాళ్లకి |
| వాళ్లు చేయాల్సింది | నొక్కడం | స్కాన్ చేయడం | గుర్తుపెట్టుకుని వెతకడం |
| నిలిచేది | ఒక పూట | కొన్ని వారాలు | పండగ దాకా, ఒక్కోసారి ఏడాది |
| వేగం | ఒక్కరోజులో అందరికీ | రోజుకి కొందరికి | మొదట చాలా నెమ్మది |
| తప్పు దిద్దుకోవడం | కష్టం | రోలుకి తేలిక, బిల్లు బుక్కుకి కష్టం | దాదాపు అసాధ్యం |
| ఖర్చు | లేదు | దాదాపు లేదు | డబ్బు లేదు, మనుషులకి నేర్పాలి |

## బిల్లు: నెమ్మదిగా నడిచే దారి, అందుకే మొదట

బిల్లు మీద సైటు పేరు వేయడం తేలికని అందరూ అనుకుంటారు. వేయడం తేలికే. పనిచేసేలా వేయడానికి మాకు మూడు వారాలు పట్టింది.

మీ కొట్లో థర్మల్ రోలు ప్రింటర్ ఉంటే అది రెండంగుళాలదో మూడంగుళాలదో చూసుకోండి. రెండంగుళాల రోలు మీద మామూలు సైజులో ఒక లైనుకి 32 ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. సైటు పేరు అంతకంటే పొడుగైతే విరిగి రెండో లైనులో పడుతుంది, చూసినవాళ్లు సగం పేరే టైపు చేస్తారు. `https://` అని వేయక్కర్లేదు, పేరొక్కటి చాలు. తెలుగులో నేరుగా వేద్దామంటే చాలా ప్రింటర్లలో తెలుగు అక్షరాలే ఉండవు, ప్రశ్నార్థకాలో డబ్బాలో వస్తాయి. తెలుగు మాట కావాలంటే దాన్ని ఫోటోలా తయారుచేసి, బిల్లు సాఫ్ట్‌వేర్‌లో లోగో పెట్టే చోట పెట్టాలి. మేం అదే చేశాం.

క్యూఆర్ కోడ్ దగ్గర ఊహించని చిక్కొకటి వచ్చింది. మొదటిరోజు ఒక పెద్దాయన బిల్లు తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, ఫోను తీసి, డబ్బులు కట్టే యాప్ తెరిచి, బిల్లు మీద కోడ్‌ని స్కాన్ చేశారు. యాప్ చెల్లదు అంది. ఆయన మళ్లీ చేశారు, మళ్లీ చెల్లదు అంది. "ఏవండీ, మీ కోడ్ పాడైపోయిందండీ" అన్నారు. అప్పటికే ఆయన నోట్లు ఇచ్చేశారు. రెండోసారి కట్టాలేమోనని కంగారు పడ్డారు కూడా. ఆ రోజు ఇలా నలుగురైదుగురు చేశారు. మన దగ్గర క్యూఆర్ అంటే డబ్బులు కట్టేదే. కూరగాయల బండి దగ్గర నుంచి బంగారం కొట్టు దాకా అందరూ చూసేది దానికే. అందులో వాళ్ల తప్పేం లేదు.

మర్నాడు కోడ్ పైన రెండు లైన్లు ఫోటోగా చేర్చాం: "ఇది డబ్బు కట్టడానికి కాదు. ఫోన్ కెమెరాతో చూస్తే ఆర్డరు పేజీ వస్తుంది." కోడ్ కింద సైటు పేరు అక్షరాల్లో వేశాం. స్కాన్ చేసినప్పుడు ఫోన్లో వచ్చే పేరూ కాగితం మీద పేరూ ఒకటేనని చూసుకోవడానికి అది అవసరం. ఆ తర్వాత ఆ గొడవ చాలా వరకు తగ్గింది.

కోడ్‌లో పెట్టే అడ్రసు ఎంత చిన్నదైతే అంత మంచిది. అక్షరాలు పెరిగే కొద్దీ కోడ్‌లో గడులు పెరిగి సన్నబడతాయి. సన్నటి గడులు థర్మల్ కాగితం మీద ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మా అడ్రసు `example.com/b` అంత చిన్నది కాబట్టి రెండున్నర సెంటీమీటర్ల కోడ్‌తో సరిపోయింది. చుట్టూ నాలుగు గడుల వెడల్పు తెల్లటి అంచు వదలండి. బిల్లు పొడవునా సన్నటి తెల్ల గీత పడుతోందంటే ప్రింటర్ హెడ్ మీద దుమ్ము పేరుకుందనో, హెడ్ అరిగిందనో అర్థం. ఆ గీత కోడ్ మీదుగా పోతే కొన్ని ఫోన్లు చదవలేవు. హెడ్ తుడిచి చూడండి, అయినా గీత వస్తే కోడ్‌ని కాస్త పక్కకి జరపండి.

ఇంకొకటి స్వీట్ల కొట్టుకే వచ్చే కష్టం. థర్మల్ కాగితానికి నెయ్యి తగిలితే అక్షరాలు వెలిసిపోతాయి. ప్లాస్టిక్ కవర్‌కి అంటుకుని ఉన్నా అంతే. కారు డాష్‌బోర్డు మీద ఎండలో పెడితే కాగితమే నల్లబడుతుంది. పూతరేకుల డబ్బా మీద బిల్లు పెట్టి కవర్లో వేసి ఇస్తే, హైదరాబాద్ చేరేసరికి అది చదవడానికి పనికిరాదు. పైగా బిల్లు కొన్నవాళ్ల దగ్గరే ఆగిపోతుంది, డబ్బా తిన్నవాళ్ల దాకా వెళుతుంది. అందుకని మా అత్తయ్య బిల్లుకి తోడు డబ్బా మూత లోపల చిన్న స్టిక్కర్ అంటించమంది. మూత తీసినవాళ్లందరికీ కనపడేది అదే.

చేత్తో రాసే బిల్లు బుక్కులు వాడే కొట్లకి నా సలహా: కొత్త బుక్కులు అప్పుడే కొట్టించకండి. ఒక రబ్బరు స్టాంపు చేయించి, ఉన్న బుక్కుల మీద వేసుకోండి. సైటు పేరు రెండు నెలలు నిలబడ్డాక ప్రెస్సుకి వెళ్లండి. వంద బుక్కులు కొట్టించాక పేరు మారితే అవన్నీ అటక మీదకే.

బిల్లు నుంచి మాకు రోజుకి ముగ్గురు, నలుగురు సైటుకి వచ్చారు. చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ వాళ్లు మా సరుకు తిన్నవాళ్లు, ఏదైనా తేడా వస్తే కొట్టుకి ఫోన్ చేసి చెప్పేవాళ్లు. పూతరేకులు బెల్లంవా, పంచదారవా అన్నది ఎంచుకోవడానికి పేజీలో వీలే లేదని చెప్పింది అలా బిల్లు చూసి వచ్చిన ఒకావిడే. అదే తప్పు గ్రూపులో బయటపడితే మూడు వందల మంది ముందు పడేది.

## నోటి మాట: పేరు పలికితే చాలదు, రాయగలగాలి

నోటి మాట దానంతటదే పుడుతుందని అనుకోవడం పొరపాటు. కొట్టు వైపు నుంచి దానికి రెండు అందించాలి: చెప్పడానికి ఒక వాక్యం, తప్పు లేకుండా రాయగలిగే పేరు.

పేరు సంగతి ముందు. తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. పూతరేకులు అని చెప్పి ఐదుగురిని టైపు చేయమన్నాను. `putharekulu`, `pootharekulu`, `pootarekulu`, `putarekulu`, ఐదో ఆయన మళ్లీ మొదటిదే. లక్ష్మి అంటే `lakshmi`, `laxmi`, శ్రీ అంటే `sri`, `sree`, `shri`. మధ్యలో హైఫన్ ఉంటే నోటితో చెప్పలేం. డాట్ ఇన్ అని చెప్పినా కొందరి చేయి డాట్ కామ్‌కే పోతుంది.

ఈ పరీక్ష మీరు పేరు కొనక ముందే చేయండి. ఐదుగురికి ఫోన్ చేసి, పేరు ఒక్కసారి చెప్పి, టైపు చేసి స్క్రీన్‌షాట్ పంపమనండి. నలుగురు సరిగ్గా రాస్తే పేరు నిలుస్తుంది. ఇప్పటికే కొనేసి ఉంటే, ఎక్కువమంది తప్పుగా రాసిన పేరు ఖాళీగా ఉందేమో చూసి అదీ కొని, అసలు సైటుకి మళ్లించండి. ఏడాదికి ఒక పేరు ఖర్చు పెద్దగా ఏమీ ఉండదు.

అయినా చాలామంది అడ్రసు టైపు చేయరు. గూగుల్‌లో కొట్టు పేరు కొడతారు, లేకపోతే మైకు నొక్కి తెలుగులో అడుగుతారు. కొత్త సైటు గూగుల్‌లో కనపడడానికి రోజులు పట్టొచ్చు, వారాలు కూడా పట్టొచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో మీ కొట్టు ముందే ఉంటే, ఆ వివరాల్లో వెబ్‌సైటు అన్న చోట మీ అడ్రసు చేర్చండి. నోటి మాట విని వెతికినవాళ్లకి ముందు దొరికేది అదే. ఈ పని చేయకుండా ఎంతమంది చెప్పినా ఆ మాట సగం దారిలో ఆగిపోతుంది.

ఇక వాక్యం. మా కౌంటర్లో కుర్రాడు మొదట్లో "మాకు వెబ్‌సైట్ వచ్చిందండి" అనేవాడు. వచ్చినవాళ్లు "అలాగా, మంచిది" అని వెళ్లిపోయేవాళ్లు. వెబ్‌సైటు వచ్చిందన్నది మనకి సంబరం. వాళ్లకి దాంతో ఏం ఒరిగింది? మాట మార్చాం: "పండక్కి లైన్లో నిలబడక్కర్లేదండి. నెట్లో రోజు చెప్పి పెట్టుకోండి, డబ్బా కట్టి ఉంచుతాం." ఈ మాటకి జనం ఆగి అడిగారు. "ఎలా పెట్టాలి? మా అబ్బాయి హైదరాబాద్ నుంచి పెట్టొచ్చా?"

ఆ రెండో ప్రశ్నలోనే మా సైటుకి అసలు గిరాకీ ఉంది. పిల్లలు దూరంగా ఉన్న ఇళ్లలో అమ్మానాన్నలే కొట్టుకొస్తారు, ఆర్డరు మాత్రం పిల్లలు పెట్టగలరు. మస్కట్‌లో ఉన్న ఒకావిడ పండక్కి వాళ్లమ్మ తీసుకెళ్లేలా డబ్బా చెప్పిపెట్టింది. ఆవిడకి మా సంగతి చెప్పింది వాళ్లమ్మే.

సారె ఆర్డర్లూ ఇలా నోటి మాటతోనే వస్తాయి. అమ్మాయి అత్తారింటికి పంపిన సారె వీధి వీధంతా పంచుతారు. తిన్నవాళ్లు ఎక్కడ చేయించారని అడుగుతారు. ఆ పూటే ఎవరో ఒకరు పేరు చెప్పాలి. సారె ఆర్డరు తీసుకున్నప్పుడు, పంచే ఇంటివాళ్లకి పదిహేను ఇరవై చిన్న చీటీలు విడిగా ఇవ్వడం మొదలుపెట్టాం. అడిగినవాళ్లకి ఇస్తే పేరు రాయడంలో తప్పు పడదు.

నోటి మాటకున్న పెద్ద లోపం, అది దారిలో మారిపోతుంది. రావులపాలెంలో డెలివరీ చార్జీ లేదని మా కుర్రాడు ఎవరికో చెప్పాడు. భోగికి పది రోజుల ముందు నుంచి జనం వచ్చి "నెట్లో పెడితే తక్కువకి ఇస్తారటగా?" అని అడగడం మొదలైంది. కొట్టు రేటూ సైటు రేటూ ఒకటే. కొందరు ముఖం చిన్నబుచ్చుకున్నారు. మా అత్తయ్య కౌంటర్ మీద ఒక బోర్డు రాసి పెట్టించింది: "కొట్టులోనూ నెట్లోనూ ఒకటే రేటు." ముందే పెట్టి ఉండాల్సింది. మీ వాక్యంలో డబ్బు మాట ఉంటే, అది వక్రంగా వినపడే వీలుందేమో ముందే ఆలోచించుకోండి.

## వాట్సాప్ గ్రూపు: బలమైనదే, ఒక్కసారికే

గ్రూపులో వెయ్యి మందికి పైగా ఉండొచ్చు, ప్రస్తుత హద్దు 1024. ఇంత వేగంగా చేరే దారి ఇంకొకటి లేదు. కానీ ఏ గ్రూపులోనైనా కొత్త సంగతిగా ఒక్కసారే చెప్పగలం. రెండోసారి చెబితే అది ప్రకటన అవుతుంది, మూడోసారి అడ్మిన్ తీసేస్తాడు.

ఇంకో అడ్డంకి ఉంది. బ్యాంకు పేరుతో, ప్రభుత్వ పథకం పేరుతో ఏపీకే ఫైళ్లు గ్రూపుల్లో తిరగడం, నొక్కినవాళ్ల ఖాతాలు ఖాళీ కావడం ఇప్పుడు అందరికీ తెలుసు. లింకులు నొక్కొద్దని పిల్లలు పెద్దవాళ్లకి గట్టిగా చెబుతున్నారు, చెప్పాలి కూడా. కాబట్టి మీ లింకుని అనుమానంగా చూసేవాళ్లు జాగ్రత్తపరులు. వాళ్లు సరిచూసుకునే దారి మెసేజ్‌లోనే ఉండాలి. మేం రెండోసారి తిరగరాసిన మెసేజ్ ఇది:

> నమస్కారమండి. పండగ పూతరేకులు, కాజాల ఆర్డరు ఇక ఇంట్లోంచే పెట్టుకోవచ్చండి. ఏ రోజుకి కావాలో మీరే ఎంచుకోండి, డబ్బా కట్టి ఉంచుతాం. డబ్బులు సరుకు తీసుకున్నప్పుడే. ఏ యాప్ వేసుకోనక్కర్లేదు.
> example.com/w
> అనుమానం ఉంటే మా పాత బిల్లు మీదున్న నంబరుకే ఫోన్ చేసి అడగండి.

ఆఖరి లైను అన్నిటికంటే ఎక్కువ పని చేసింది. మోసగాడు మీ ఇంట్లో ఉన్న బిల్లు మీద నంబరు మార్చలేడు. బిల్లుల మీద సైటు పేరు ముందే వచ్చేసి ఉంటే ఇంకా మంచిది, బిల్లు తీసి చూస్తే రెండూ కలుస్తాయి.

లింకు పెట్టగానే కింద చిన్న ఫోటో, పేరు రావాలి. ఏమీ రాకుండా వట్టి నీలం అక్షరాలే కనపడితే అనుమానం పెరుగుతుంది. దానికి సైటు చేసినవాళ్లు పేజీలో ఇలాంటి లైన్లు పెట్టాలి:

```
<meta property="og:title" content="పండగ స్వీట్ల ఆర్డరు">
<meta property="og:image" content="https://example.com/dabba.jpg">
```

ఫోటో బరువు ఎక్కువైతే కనపడకపోవచ్చు, 300 కేబీ లోపు ఉంచండి. ఆ ఫోటోని తెచ్చుకునేది పంపేవాళ్ల ఫోనే కాబట్టి, లింకు రాశాక ఫోటో వచ్చేదాకా రెండు సెకన్లు ఆగి అప్పుడు పంపండి. తొందరపడితే రాకుండానే పోతుంది. ముందు మీ ఇంట్లోవాళ్లకి ఒకరికి పంపి చూసుకోండి.

ఎవరు పెట్టారన్నది కూడా ముఖ్యమే. కొత్తపేట గ్రూపులో నేను పెడితే ఎవరూ పలకలేదు. అదే గ్రూపులో మా దగ్గర ఏటా కొనే టీచరు గారు "నేను పెట్టానండి, మంగళవారానికి చెబితే మంగళవారానికే ఇచ్చారు" అని రాస్తే కింద పది ప్రశ్నలు వచ్చాయి. అది గ్రూపులో వచ్చినా నిజానికి నోటి మాటే.

గ్రూపుకి బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడొచ్చా అని అడుగుతారు. వాడొచ్చు. ఒక లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు, ఒకరి నంబరు ఇంకొకరికి కనపడదు. అయితే మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. పంపిన మెసేజ్ మీద నొక్కి ఇన్ఫో చూస్తే ఎంతమందికి చేరిందో తెలుస్తుంది. మా లిస్టులో సగానికి కూడా చేరలేదు. బిల్లు కోసం ఇచ్చిన నంబర్లన్నీ తీసుకుని కస్టమర్లని అడగకుండా కొత్త గ్రూపులో చేర్చడం మాత్రం వద్దు. ఒకరి నంబరు ఊరందరికీ కనపడుతుంది. విసుగొచ్చినవాళ్లు రిపోర్ట్ కొడితే కొట్టు నంబరే ఆగిపోవచ్చు. ఆర్డర్లన్నీ ఆ నంబరు మీదే వస్తాయని గుర్తుంచుకోండి.

## ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది

బిల్లుకి `/b`, గ్రూపుకి `/w` అని రెండు వేరు అడ్రసులు పెట్టాం. రెండూ ఒకే పేజీకి వెళతాయి, లెక్క మాత్రం విడిగా పడుతుంది. నోటి మాటకి అడ్రసు పెట్టలేం కదా, అందుకని ఆర్డరు ఆఖర్లో "మా సంగతి ఎవరు చెప్పారండి?" అని ఒక గడి ఉంచాం. రాయకపోయినా ఆర్డరు పడుతుంది. సగం మంది రాశారు. "మా పిన్ని", "సారెలో తిన్నాం", "మీ కౌంటర్ అబ్బాయి", ఇలాంటివి.

మా పుస్తకంలో తేలింది ఇదీ. తెరిచినవాళ్ల సంఖ్యలో గ్రూపు ముందుంది. తెరిచినవాళ్లలో ఆర్డరు పెట్టినవాళ్ల వంతు చూస్తే బిల్లు ముందుంది. ఒక్కో ఆర్డరు ఎంత పెద్దదని చూస్తే నోటి మాట రెండిటినీ దాటేసింది, పెద్ద సారెలన్నీ దాని వల్లే వచ్చాయి. తెరిచినవాళ్ల లెక్క ఒక్కటే చూసి ఉంటే బిల్లు లైను తీసేసేవాళ్లం.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

రోజూ వంద బిల్లులు పడే కౌంటర్ కొట్టు మీదైతే బిల్లుతో మొదలుపెట్టండి. మూడు వారాలు ఆగే ఓపిక ఉంటే చాలు. స్వీట్లు, మందులు, కిరాణా, బట్టలు, ఏదైనా ఇదే.

నెలకి పది పెద్ద ఆర్డర్లు చేసేవాళ్లయితే, అంటే సారెలు, పెళ్లి వంటలు, నరసాపురం వైపు లేసు పని లాంటివి, మీకు బిల్లు పెద్దగా పనికిరాదు. పది కాగితాలతో ఎంతమందికి చేరుతుంది? పాత కస్టమర్లలో పదిహేను మందికి మీరే స్వయంగా ఫోన్ చేసి చెప్పండి. పేరు పరీక్ష మీకే అందరికంటే ముఖ్యం.

కడియం వైపు నర్సరీలకి సంగతి వేరు. దూరం నుంచి లారీ లోడు కొనేవాళ్లు రేటు, మొక్క ఎత్తు, స్టాకు అడుగుతారు, అదీ రోజు రోజుకీ. వాళ్లకి ఒక్కొక్కరికీ విడిగా వాట్సాప్‌లో, వాళ్లడిగిన మొక్క పేజీ లింకే పంపండి. సైటు మొదటి పేజీ లింకు పంపితే వెతుక్కోలేక మళ్లీ ఫోనే చేస్తారు. భీమవరం వైపు రొయ్యల మేత డీలర్లకీ ఇదే దారి.

కొట్టే కొత్తదైతే, పాత కస్టమర్లు లేకపోతే, గ్రూపుతో మొదలుపెట్టక తప్పదు. అలాంటప్పుడు నాలుగు గ్రూపుల్లో ఒకేసారి పెట్టకండి. అన్నిటికంటే చిన్న గ్రూపులో పెట్టి వారం చూడండి. తప్పులు అక్కడే బయటపడనివ్వండి.

ఈ ఏడాది మళ్లీ మొదలుపెడితే మేం పెట్టుకున్న వరస ఇదీ. కార్తీకంలో బిల్లు మీద లైను, డబ్బా మూత లోపల స్టిక్కర్. నెలగంట పెట్టేసరికి కౌంటర్లో అందరికీ ఆ ఒక్క వాక్యం నోటికి రావాలి, రేటు బోర్డు గోడ మీద ఉండాలి. జనవరి మొదటి రెండు మూడు రోజుల్లో, ఇళ్లలో పండక్కి ఏం కొనాలని మాట్లాడుకునే సమయంలో, గ్రూపుల్లో ఒకే ఒక్కసారి. జనవరి 10 దాటాక ఎక్కడా ఏమీ పెట్టం. అప్పటికి పూతరేకులు చుట్టేవాళ్ల చేతులు ఖాళీ ఉండవు. సైటు మీద ఆర్డర్లు ఆపి "కనుమ తర్వాత తీసుకుంటామండి" అని రాసి పెడతాం.